ప్రెసిషన్, రికాల్: క్షయ స్క్రీనింగ్‌లో ఏ తప్పు ఖరీదెక్కువ?

జబ్బు ఉన్నవాళ్లను, లేనివాళ్లను పెద్ద గుంపులోంచి వేరుచేసే ఏ పరీక్షైనా రెండు రకాలుగా తప్పుతుంది. జబ్బు ఉన్న మనిషిని బాగున్నాడని పంపేయడం ఒకటి, బాగున్న మనిషిని అనుమానంతో పట్టుకోవడం రెండోది. ఈ రెండు తప్పులను విడివిడిగా కొలిచేవే రికాల్, ప్రెసిషన్. నిజంగా జబ్బున్న వందమందిలో పరీక్ష ఎందరిని పట్టుకుందో చెప్పేది రికాల్. పరీక్ష పట్టుకున్న వందమందిలో నిజంగా జబ్బున్నవాళ్లు ఎందరో చెప్పేది ప్రెసిషన్. ఈ పేర్లు గ్రంథాలయాల్లో, కంప్యూటర్లలో సమాచారం వెతికే శాస్త్రం నుంచి వచ్చాయి. వైద్యులు రికాల్‌ను సెన్సిటివిటీ అంటారు, ప్రెసిషన్‌ను పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ అంటారు. బాగున్నవాళ్లను బాగున్నట్టుగానే వదిలిపెట్టే సామర్థ్యం స్పెసిఫిసిటీ. ఈ మూడో మాట లేకుండా వైద్యంలో లెక్క సాగదు.

ఈమెయిల్ స్పామ్ నుంచి విమానాశ్రయ తనిఖీ దాకా ఈ కొలతలు వర్తించే చోట్లు చాలా ఉన్నాయి. అయితే వీటి బలమూ బలహీనతా రెండూ పూర్తిగా బయటపడ్డ రంగం క్షయ స్క్రీనింగ్. వైద్యంలో సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ అన్న మాటలు స్థిరపడింది కూడా క్షయ ఎక్స్‌రేల గొడవలోనే.

1947 నాటి ఎక్స్‌రే తగాదా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో సైనికులకు, మాజీ సైనికులకు క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రేలు పెద్ద ఎత్తున తీస్తున్నారు. పెద్ద ఫిల్మ్ ఖరీదు, చిన్న ఫిల్మ్ చవక. చిన్నదానితో పని జరుగుతుందా అన్నది ప్రశ్న. తేల్చడానికి 1,256 మందికి నాలుగు రకాల పద్ధతుల్లో ఫిల్ములు తీసి, అయిదుగురు నిపుణుల చేత విడివిడిగా చదివించారు. 1947లో ఫలితాలు వచ్చేసరికి అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఫిల్మ్ రకాన్ని బట్టి వచ్చే తేడా కంటే చదివే మనిషిని బట్టి వచ్చే తేడానే ఎక్కువగా ఉంది. అదే నిపుణుడికి అదే ఫిల్మ్‌ను కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూపిస్తే, తన మాటకు తానే కట్టుబడని సందర్భాలూ తక్కువేం కాదు.

ఈ చిక్కును గణితంలోకి తెచ్చినవాడు జేకబ్ యెరుషాల్మీ అనే గణాంక శాస్త్రవేత్త. అదే ఏడాది రాసిన వ్యాసంలో ఆయన ఒక్క ‘కచ్చితత్వం’ అంకెతో పరీక్షను తూకం వేయడం కుదరదనీ, జబ్బును పట్టే శక్తిని, జబ్బు లేదని తేల్చే శక్తిని వేర్వేరుగా కొలవాలనీ చూపించాడు. మరో ఆచరణాత్మకమైన సూచన కూడా ఆ తరం పరిశోధనల నుంచే బలపడింది. ప్రతి ఫిల్మునూ ఇద్దరు చదవాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు అనుమానించినా పిలిపిస్తే రికాల్ పెరుగుతుంది, అనవసరంగా పిలిపించేవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే పిలిపిస్తామంటే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. యంత్రాన్ని, ఫిల్మును, నిపుణులను ఏమీ మార్చకుండా ‘లేదా’ను ‘మరియు’గా మారిస్తే చాలు, తప్పుల స్వభావమే మారిపోతుంది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో చుట్టరికం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ శానిటోరియం నుంచి డెన్మార్క్ వైద్యుడు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950-55 మధ్య ఆ చుట్టుపక్కల జనాభా మొత్తం మీద క్షయ అధ్యయనం నడిపాడు. ఆసుపత్రికి వచ్చిన రోగిని చూడటం వేరు, ఊళ్లోకి వెళ్లి అందరికీ ఫిల్మ్ తీయడం వేరు. రెండో పనిలోకి దిగగానే ఫిల్ము మీద కనిపించిన ప్రతి మచ్చా క్షయ కాదన్న సంగతి మొదటి సమస్యగా ఎదురొస్తుంది.

లక్షమందికి లెక్క

దేశవ్యాప్తంగా 2019-2021 మధ్య జరిగిన జాతీయ క్షయ వ్యాప్తి సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో లక్షకు 316 మందికి పరీక్షలో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు తేలింది. లెక్క సులువుగా సాగడానికి దీన్ని 300 అనుకుందాం. అంటే లక్షమంది పెద్దలున్న పట్టణంలో 300 మందికి జబ్బు ఉంది, 99,700 మందికి లేదు.

ముందుగా ఒక ఉచ్చును తప్పించుకోవాలి. ఏ పరీక్షా చేయకుండా ‘ఈ ఊళ్లో ఎవరికీ క్షయ లేదు’ అని చెప్పే అధికారి మాట నూటికి 99.7 పాళ్లు నిజమే అవుతుంది. ఒక్క రోగినీ పట్టుకోకుండా సాధించిన ఘనత అది! జబ్బు అరుదైనప్పుడు మొత్తం మీద ఎన్ని సరైనవి అన్న అంకె ఎందుకూ కొరగాదు. రికాల్, ప్రెసిషన్ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

స్క్రీనింగ్ ఎలా చేయాలన్న దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో వేర్వేరు పద్ధతుల సామర్థ్యాన్ని ఇచ్చింది. రెండు వారాలకు మించి దగ్గు ఉందా అని అడగడం ఒక పద్ధతి. దీని సెన్సిటివిటీ 42 శాతం, స్పెసిఫిసిటీ 94 శాతం. మన 300 మందిలో 126 మందే దొరుకుతారు, 174 మంది చేజారిపోతారు. సగానికి పైగా రోగులు రెండు వారాలుగా దగ్గడం లేదన్నమాట. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు, వీటిలో ఏ ఒక్కటున్నా పిలవమంటే 213 మంది దొరుకుతారు. కానీ 35,892 మంది క్షయ లేనివాళ్లు కూడా వరుసలో నిలబడతారు. జలుబు చేసినవాళ్లూ, పనిభారంతో చిక్కిపోయినవాళ్లూ అంతా అందులోనే.

ఎక్స్‌రే ఈ రెండింటి కంటే మెరుగు. జాతీయ సర్వేలోనూ ఇదే కనిపించింది. దొరికిన రోగుల్లో 42.6 శాతం మందిని పట్టిచ్చింది ఎక్స్‌రే ఒక్కటే. ఫిల్మ్ తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే వాళ్లెవరూ లెక్కలోకి వచ్చేవాళ్లు కారు.

అయితే ఎక్స్‌రే అంటే ఒకటి కాదు, రెండు. చదివే డాక్టరుకు ‘క్షయలా కనిపిస్తే చెప్పండి’ అని చెప్పవచ్చు. ‘ఏ తేడా కనిపించినా చెప్పండి’ అనీ చెప్పవచ్చు. ఫిల్మ్ అదే, కన్ను అదే, గీత ఎక్కడ గీశామన్నదే తేడా. మొదటి పద్ధతిలో సెన్సిటివిటీ 85, స్పెసిఫిసిటీ 96 శాతం. రెండోదానిలో 94, 89 శాతం. ఈ వ్యాసంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఈ రెండు సూచనల మధ్య ఉంది.

‘క్షయలా కనిపిస్తే’ అన్న గీతతో 255 మంది రోగులు దొరుకుతారు, 45 మంది జారిపోతారు. క్షయ లేనివాళ్లు 3,988 మంది అనుమానితుల్లో చేరతారు. మొత్తం 4,243 మందికి కళ్లె పరీక్ష చేయాలి. ప్రెసిషన్ 6 శాతం.

‘ఏ తేడా ఉన్నా’ అన్న గీతతో 282 మంది దొరుకుతారు, జారిపోయేది 18 మందే. క్షయ లేనివాళ్లు 10,967 మంది. కళ్లె పరీక్షలు 11,249. ప్రెసిషన్ రెండున్నర శాతం.

సగటు దాచిపెట్టే సంగతి

కార్యక్రమ నివేదికల్లో సాధారణంగా కనిపించే అంకె ఒకటుంది: ఒక్క రోగిని పట్టుకోవడానికి ఎన్ని పరీక్షలు చేయాల్సి వచ్చింది? మొదటి గీతతో సుమారు 17, రెండో గీతతో 40. చూడటానికి 40 అంత ఘోరంగా ఏమీ అనిపించదు. ప్రాణం విషయంలో 40 పరీక్షలు ఎక్కువా అని ఏ కలెక్టరైనా అంటాడు.

కానీ నిర్ణయం తీసుకోవలసింది సగటు మీద కాదు. మొదటి గీత నుంచి రెండో గీతకు జరిగితే అదనంగా దొరికేది 27 మంది. అదనంగా చేయాల్సిన పరీక్షలు 7,006. అంటే అదనంగా దొరికే ఒక్కో రోగికీ దాదాపు 260 పరీక్షలు పడతాయి. ఎక్స్‌పర్ట్ అనే మాలిక్యులర్ పరీక్ష కార్ట్రిడ్జ్‌ను పేద, మధ్యాదాయ దేశాలకు 2023 నుంచి దాదాపు 8 డాలర్ల రాయితీ ధరకు ఇస్తున్నారు. ఆ లెక్కన అదనంగా దొరికే ఒక్కో రోగి మీద కార్ట్రిడ్జ్‌ల ఖర్చే 2,000 డాలర్లు దాటుతుంది. సిబ్బంది జీతాలు, కళ్లె డబ్బాలు మోసుకెళ్లే బండి ఖర్చు ఇందులో లేవు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా యంత్రం సంగతి వదలదు. నాలుగు గదుల ఎక్స్‌పర్ట్ యంత్రం ఒక్కో విడతకు రెండు గంటల దాకా తీసుకుంటుంది. ఎనిమిది గంటల పనిదినంలో 16 పరీక్షలు చేయగలదు. 4,243 పరీక్షలు చేయడానికి అలాంటి యంత్రం ఒక్కటే ఉంటే 265 పనిదినాలు పడుతుంది. 11,249 పరీక్షలకు 703 రోజులు. రెండేళ్లు పైబడే ఆ వరుసలో అసలు రోగి చిట్టచివర నిలబడి ఉంటే, కాగితం మీద అతను ‘దొరికిన’ 282 మందిలో ఒకడే. ఊళ్లో మాత్రం అప్పటిదాకా దగ్గుతూ తిరుగుతూనే ఉంటాడు. యంత్రాలు తక్కువగా ఉన్న జిల్లాలో గీతను వదులు చేస్తే రికాల్ పెరగకపోగా ఆచరణలో తగ్గే ప్రమాదం ఉందని ఈ లెక్క చెబుతుంది.

జారిపోయిన రోగి ఖరీదు

ఇంత కష్టపడి రికాల్ ఎందుకు పెంచాలి? వైద్యం అందని, కళ్లెలో సూక్ష్మదర్శినికి సైతం కనిపించేంత బాక్టీరియా ఉన్న క్షయ రోగుల్లో దాదాపు 70 శాతం మంది పదేళ్లలో చనిపోతారని మందులు లేని కాలం నాటి వివరాలు చెబుతున్నాయి. అంతదాకా ఇంట్లోవాళ్లకూ, పనిచోట పక్కవాళ్లకూ అంటిస్తూనే ఉంటారు. ఈ దృష్టితో చూస్తే 260 పరీక్షలు చవకే అనిపించవచ్చు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. స్క్రీనింగ్‌లో జారిపోయిన రోగి శాశ్వతంగా జారిపోయినట్టు కాదు. చాలామందికి కొన్ని నెలల్లో దగ్గు ముదిరి వాళ్లే ఆసుపత్రికి వస్తారు. 1960ల మొదట్లో బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ నుంచి బెనర్జీ, ఆండర్సన్ చేసిన అధ్యయనం గ్రామీణ రోగుల్లో ఎక్కువమందికి తమ లక్షణాల సంగతి తెలుసనీ, పెద్ద సంఖ్యలో వాళ్లు ఏదో ఒక వైద్యం కోసం వెళ్లారనీ చూపించింది. ఊరూరా ఎక్స్‌రే బండ్లు తిప్పడం కంటే ఆసుపత్రికి వచ్చిన దగ్గు రోగిని సరిగ్గా పరీక్షించడం మేలన్న ఆలోచన భారత కార్యక్రమంలో దశాబ్దాల పాటు నిలబడడానికి ఇది ముఖ్య కారణం. కాబట్టి జారిపోయిన రోగి ఖరీదు అంటే అతని ప్రాణం మొత్తం ఖరీదు కాదు. అతను తనంతట తాను వచ్చేదాకా పట్టే ఆలస్యం ఖరీదు, ఆ మధ్యలో అంటించే జబ్బు ఖరీదు.

ఆ ఆలస్యాన్ని పెంచే పని స్క్రీనింగే చేయవచ్చు. ‘మీ ఎక్స్‌రే బాగుంది’ అన్న చీటీ చేతిలో ఉన్న మనిషి, రెండు నెలల తర్వాత దగ్గు మొదలైతే ‘క్షయ అయితే కాదుగా, అప్పుడే చూశారు’ అనుకుంటాడు. అందుకే నెగటివ్ వచ్చినవాళ్లకు చీటీ ఇచ్చేటప్పుడు ‘రెండు వారాలు దగ్గితే మళ్లీ రండి’ అన్న మాట రాసి ఇవ్వడం పైపై మర్యాద కాదు, తక్కువ ఖర్చుతో రికాల్‌ను పెంచే పద్ధతి.

రెండో మెట్టు: ఇక్కడ తూకం తిరగబడుతుంది

ఎక్స్‌రేలో అనుమానితులైనంత మాత్రాన ఎవరికీ మందులు ఇవ్వరు. కళ్లె పరీక్ష ఉంది కదా, తప్పులుంటే అదే సరిదిద్దుతుందని చాలామంది నమ్మకం. కొంతవరకే నిజం.

ఎక్స్‌పర్ట్ పరీక్షకు సెన్సిటివిటీ 85, స్పెసిఫిసిటీ 98 శాతం అనుకుందాం. పరిశోధనల్లో వచ్చిన సగటు విలువలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. కఠినమైన మొదటి గీత దాటివచ్చిన 4,243 మందికి ఈ పరీక్ష చేస్తే 255 మంది రోగుల్లో 217 మందికి పాజిటివ్ వస్తుంది. క్షయ లేని 3,988 మందిలో రెండు శాతం, అంటే 80 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 297 పాజిటివ్‌లలో నిజమైనవి 73 శాతం.

వదులు గీత దాటివచ్చిన 11,249 మందికి చేస్తే నిజమైన పాజిటివ్‌లు 240, తప్పుడువి 219. ప్రెసిషన్ 52 శాతానికి పడిపోతుంది. మందుల చీటీ అందుకునేవాళ్లలో దాదాపు సగం మందికి క్షయ లేదు!

ఇప్పుడు అసలు తేడా తీయాలి. గీతను వదులు చేసినందుకు నిర్ధారణ అయిన రోగులు 23 మంది పెరిగారు. క్షయ లేకుండా పాజిటివ్ వచ్చినవాళ్లు 139 మంది పెరిగారు. ఒక్కో అదనపు రోగికి ఆరుగురు. ఇంతకుముందు తప్పుడు పాజిటివ్ అంటే ఒక కళ్లె డబ్బా, ఒక కార్ట్రిడ్జ్. ఇప్పుడు తప్పుడు పాజిటివ్ అంటే ఆరు నెలల మందులు. వాటిలో మూడు కాలేయాన్ని దెబ్బతీయగలవు. పైగా ఫిల్ము మీద కనిపించిన మచ్చకు అసలు కారణం పాత మచ్చ కావచ్చు, మరేదైనా ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, కేన్సరూ కావచ్చు. క్షయ అన్న ముద్ర పడ్డాక దాన్ని వెతికేవాళ్లుండరు. పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో ఆ ముద్ర చేసే చెరుపు వేరే.

మొదటి మెట్టులో రికాల్ వైపు మొగ్గాలి, చికిత్స మొదలుపెట్టే మెట్టులో ప్రెసిషన్ వైపు మొగ్గాలి అన్న సూత్రం అందరూ చెప్పేదే. అంతగా చెప్పని సంగతి, ఈ రెండు మెట్లూ విడివిడివి కావు. మొదటి మెట్టులో ఎవరిని లోపలికి రానిచ్చామన్నదే రెండో మెట్టు ప్రెసిషన్‌ను నిర్ణయిస్తుంది. అసలు ఎక్స్‌రే లేకుండా లక్షమందికీ నేరుగా ఎక్స్‌పర్ట్ చేస్తే తప్పుడు పాజిటివ్‌లు 1,994 వస్తాయి, నిజమైనవి 255. ప్రెసిషన్ 11 శాతం. అదే పరీక్ష, అదే యంత్రం.

పాజిటివ్ వచ్చినవాళ్లకు మళ్లీ అదే పరీక్ష చేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. తప్పు యాదృచ్ఛికమైతే సరిపోతుంది. గతంలో క్షయ వచ్చి తగ్గిన మనిషి ఊపిరితిత్తుల్లో చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ మిగిలి ఉండవచ్చు. ఎక్స్‌పర్ట్ చూసేది ఆ డీఎన్‌ఏనే. మళ్లీ చేసినా మళ్లీ పాజిటివే వస్తుంది. అందుకే ‘ఇంతకు ముందు టీబీ మందులు వాడారా?’ అన్న ఒక్క ప్రశ్న రెండో కార్ట్రిడ్జ్ కంటే ఎక్కువ ప్రెసిషన్‌ను ఇస్తుంది. బతికున్న బాక్టీరియానే పెంచి చూసే కల్చర్ పరీక్ష ఈ తప్పు చేయదు కానీ దాని ఫలితానికి వారాలు పడతాయి.

ఇంకో జాగ్రత్త. 98 శాతం స్పెసిఫిసిటీని ఎక్కువగా ఆసుపత్రులకు లక్షణాలతో వచ్చినవాళ్లలో కొలిచారు. ఊళ్లో స్క్రీనింగ్‌కు వచ్చినవాళ్లలో అది 99 శాతం ఉందనుకుంటే వదులు గీతతోనే ప్రెసిషన్ 69 శాతానికి ఎగబాకుతుంది. జబ్బు అరుదైనచోట స్పెసిఫిసిటీలో ఒక్క శాతం తేడా నిర్ణయాన్నే తలకిందులు చేయగలదు. కాబట్టి కంపెనీ కరపత్రం మీది అంకెతో గీత గీయడం ప్రమాదం.

ఊరు మారితే అంకె మారుతుంది

రికాల్ పరీక్షకు చెందిన గుణం. ప్రెసిషన్ మాత్రం పరీక్షకూ, పరీక్షించే జనానికీ కలిపి చెందినది. జాతీయ సర్వే ప్రకారం ఊపిరితిత్తుల క్షయ ఢిల్లీలో లక్షకు 534, కేరళలో 115. ‘క్షయలా కనిపిస్తే’ అన్న గీతతోనే ఢిల్లీలో పట్టుకున్న వందమందిలో పదిమంది రోగులు ఉంటారు. కేరళలో ఇద్దరు ముగ్గురు. కేరళ డాక్టర్లు ఫిల్ములు సరిగ్గా చదవడం లేదని ఎవరైనా అధికారి మెమో ఇస్తే తప్పు అతనిదే అవుతుంది.

ఎవరిని స్క్రీన్ చేయాలన్న నిర్ణయానికి ఈ లెక్కే ఆధారం. సాధారణ జనాభాలో క్షయ 0.5 శాతం, అంటే లక్షకు 500 దాటినచోట్ల స్క్రీనింగ్ చేపట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. రోగి ఇంట్లోవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు, రాతి ధూళిలో పనిచేసేవాళ్లు మాత్రం ప్రాంతంతో సంబంధం లేకుండా జాబితాలో ఉంటారు. గీతను ఒక్క మిల్లీమీటరు కూడా కదపకుండా ప్రెసిషన్‌ను పెంచే మార్గం ఇది. సరైన గుమ్మం తట్టడం.

కనపడని తప్పును లెక్కపెట్టడం

ప్రెసిషన్ కొలవడం సులువు. పట్టుకున్నవాళ్లు కళ్లముందే ఉంటారు, వాళ్లకు పరీక్షలు చేసి చూస్తే తెలిసిపోతుంది. రికాల్ కొలవాలంటే వదిలేసినవాళ్లలో రోగులెందరో తెలియాలి. వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు.

వదిలేసినవాళ్లలోంచి వెయ్యిమందిని చీటీలు తీసి ఎంచుకుని కళ్లె పరీక్ష చేశారనుకుందాం. ఒక్కరికీ క్షయ రాలేదు. ‘మా స్క్రీనింగ్ ఎవరినీ వదల్లేదు’ అని జిల్లా నివేదిక రాయవచ్చా? మన లెక్కలో కఠినమైన గీతతో వదిలేసినవాళ్లు 95,757 మంది, వాళ్లలో రోగులు 45 మంది. రెండు వేల పైచిలుకు మందికి ఒకరు. వెయ్యిమందిలో ఒక్కరూ తగలకపోయే అవకాశం నూటికి 60 కంటే ఎక్కువే. గణాంకాల్లో దీనికొక పాత కొలమానం ఉంది. వెయ్యిమందిలో సున్నా వస్తే, నిజమైన రేటు వెయ్యికి 3 దాకా ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. 95,757 మందికి వెయ్యికి 3 అంటే 287 మంది. అంటే ఆ సున్నా చెప్పేదల్లా రికాల్ 47 నుంచి 100 శాతం మధ్య ఎక్కడో ఉందని మాత్రమే! పదివేలమందిని పరీక్షిస్తే నలుగురైదుగురు తగులుతారు, కాస్త స్పష్టత వస్తుంది. కానీ ఆ పదివేల పరీక్షలు అసలు కార్యక్రమం చేసిన 4,243 పరీక్షలకు రెండింతలు మించిపోతాయి.

అందుకే ప్రచురితమైన రికాల్ అంకెలను కొంత అనుమానంతో చదవాలి. వ్యాప్తి సర్వేల్లో సాధారణంగా లక్షణాలో ఎక్స్‌రే తేడానో ఉన్నవాళ్ల దగ్గరే కళ్లె తీసుకుంటారు. రెండూ లేని రోగి ఎక్కడా నమోదు కాడు. లెక్క కింది అంకెలోంచే అతను మాయమవుతాడు కాబట్టి రికాల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

కళ్లె ఇచ్చేచోట మరో చిల్లు ఉంది. లక్షణాలు లేని మనిషిని దగ్గి కళ్లె తీయమంటే చాలామందికి లాలాజలమే వస్తుంది. ఎక్స్‌రే అనుమానించిన 255 మంది రోగుల్లో అయిదో వంతు మంది సరైన నమూనా ఇవ్వలేకపోతే పరీక్షకు చేరేది 204 మంది, వాళ్లలో పాజిటివ్ వచ్చేది 173 మంది. 85 శాతం అనుకున్న రికాల్ ఊళ్లోని 300 మందితో పోలిస్తే 58 శాతం దగ్గర ఆగుతుంది. వదులు గీతతో సంపాదించిన 23 మంది కంటే ఇక్కడ పోయినవాళ్లే ఎక్కువ. గీత ఎక్కడ గీయాలని సమావేశాలు పెట్టే ముందు కళ్లె తీసే పద్ధతి నేర్పే కార్యకర్తను పంపడం మేలైన బేరం కావచ్చు.

యంత్రం చదివే ఫిల్ములు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి 15 ఏళ్లు దాటినవాళ్ల ఎక్స్‌రేలను డాక్టరుకు బదులుగా కంప్యూటర్ ప్రోగ్రామ్ చదవవచ్చని అనుమతించింది. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రంతో కలిసి ఇవి ఇప్పుడు రేడియాలజిస్టులు లేని ఊళ్లకూ చేరుతున్నాయి. ఇవి ‘క్షయ’, ‘క్షయ కాదు’ అని చెప్పవు. ప్రతి ఫిల్ముకూ ఒక స్కోరు ఇస్తాయి. ఏ స్కోరు దాటితే కళ్లె పరీక్షకు పంపాలన్నది కార్యక్రమం నడిపేవాళ్లే నిర్ణయించాలి. 1947లో అయిదుగురు నిపుణుల మనసుల్లో అయిదు రకాలుగా ఉన్న గీత ఇప్పుడు ఒక అంకెగా బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది.

ఆ అంకెను ఎంచడంలో ఎఫ్-1 అనే మిశ్రమ కొలతను ఆశ్రయించే అలవాటు కంప్యూటర్ రంగంలో బాగా ఉంది. అది ప్రెసిషన్‌కూ రికాల్‌కూ సమాన తూకం ఇస్తుంది. మన ఉదాహరణలో ఎఫ్-1 కఠినమైన గీతనే ఎంచుతుంది. జవాబు సరైనదే కావచ్చు, కారణం మాత్రం సరైనది కాదు. జారిపోయిన రోగి ఖరీదు, కార్ట్రిడ్జ్ ఖరీదు, అనవసర చికిత్స ఖరీదు, యంత్రం ఖాళీ, వీటిలో ఏదీ ఆ సూత్రానికి తెలియదు. రికాల్‌కు ఎక్కువ తూకం ఇచ్చేలా సమాచార శోధన శాస్త్రవేత్త వాన్ రైజ్‌బర్గెన్ ఇచ్చిన రూపం ఉంది కానీ ఎంత ఎక్కువ అన్నది మళ్లీ మనుషులే చెప్పాలి.

స్కోరు ఉండటం వల్ల ఒక మేలు ఉంది. వదిలేసినవాళ్లలోంచి నమూనా తీసేటప్పుడు అందరినీ ఒకే గంపలో వేయనక్కర్లేదు. గీతకు కాస్త కిందుగా ఆగిపోయినవాళ్లలోంచి ఎక్కువమందిని, సున్నా దగ్గర ఉన్నవాళ్లలోంచి కొద్దిమందిని తీసుకుని, తర్వాత నిష్పత్తి ప్రకారం లెక్కకడితే, తక్కువ పరీక్షలతోనే జారిపోయినవాళ్ల సంఖ్య అంచనాకు వస్తుంది. గీతకు ఆ కింది పట్టీలోనే రోగులు ఎక్కువగా తగులుతుంటే గీతను కిందికి దించాలా అన్న ప్రశ్న అక్కడే లేస్తుంది. అప్పుడు ఆ పట్టీలో ఒక్క రోగికి ఎన్ని పరీక్షలు పడ్డాయో నేరుగా లెక్కపెట్టవచ్చు.

ఒక చోట కుదిరిన స్కోరు మరోచోట కుదరదు. పాత క్షయ మచ్చలున్న వృద్ధులు, గతంలో చికిత్స పొందినవాళ్లు ఎక్కువగా ఉన్న జనాభాలో అదే స్కోరు దగ్గర తప్పుడు పాజిటివ్‌లు పెరుగుతాయి. కంపెనీ ప్రోగ్రామ్‌లో కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడూ ఇదే జరుగుతుంది. నిన్నటి 50కి, నేటి 50కి అర్థం ఒకటి కాకపోవచ్చు. అలాంటప్పుడు కళ్లె ఫలితాలు ముందే తెలిసిన స్థానిక ఫిల్ములు కొన్ని వందలు దగ్గరుంచుకుని, వాటిని కొత్త వెర్షన్ చేత చదివించి, గీతను మళ్లీ గీసుకున్నాకే శిబిరాలకు పంపాలి.